యూనిట్‌కు ఒకరం: బిజినెస్ లా పరీక్షకు అయిదుగురం కలిసి చదివిన తొమ్మిది వారాలు

2025 సెప్టెంబరు 15, సోమవారం నాడు మాకు బిజినెస్ లా మొదటి ఇంటర్నల్ మార్కులు చెప్పారు. ఇరవై అయిదుకు నాకు పదకొండు వచ్చాయి. పాఠం వినలేదా అంటే విన్నాను, నోట్సు రాయలేదా అంటే రెండుసార్లు రాశాను. అయినా ప్రశ్నపత్రం చేతికి వచ్చేసరికి, చదివినదంతా కళ్ళ ముందు ఉన్నట్టే ఉండి కలంలోకి రాలేదు. ఆ సాయంత్రం కాలేజీ గేటు దగ్గర బస్సు కోసం నిలబడిన నెల్లిమర్ల స్నేహితురాలు కూడా అదే మాట అంది. "చదివినప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయే, ఎవరైనా అడిగితే గానీ రాదని తెలీదు" అని. అడిగేవాళ్ళు ఉండాలన్న ఆలోచన అక్కడే మొదలయింది.

మా పేపరులో అయిదు యూనిట్లు ఉన్నాయి. సెమిస్టరు పరీక్షలో ప్రతి యూనిట్ నుంచి ఒక పది మార్కుల ప్రశ్న తప్పనిసరిగా రాయాలి కాబట్టి, ఏ యూనిట్‌నూ వదిలేసే వీలు లేదు. అందుకని ఒక్కొక్కరు ఒక్కో యూనిట్ తీసుకుని, దానిమీద ప్రశ్నలు తయారుచేసి, మిగతా నలుగురిని అడగాలని అనుకున్నాం. మొదట తొమ్మిది మందిమి చేరాం. ఎవరు ఏ యూనిట్ అన్న మాట వచ్చేసరికి అయిదుగురం మిగిలాం. విజయనగరం పట్నంలోనే ఉండే నేను, నెల్లిమర్ల నుంచి, చీపురుపల్లి నుంచి వచ్చే ఇద్దరు అమ్మాయిలు, గజపతినగరం అబ్బాయి, అయ్యకోనేరు దగ్గర ఇల్లున్న మరో అబ్బాయి. నలుగురు తప్పుకున్నందుకు ఆ రోజు బాధపడ్డాను గానీ, తరువాత చూస్తే ఒక ఆదివారం పూట అందరి జవాబులూ వినడానికి అయిదుగురే ఎక్కువ.

యూనిట్లు పంచుకోవడానికి అయిదు రోజులు పట్టింది. నచ్చిన యూనిట్ తీసుకోమంటే అందరూ ఒప్పందపు నిర్వచనాలున్న మొదటి యూనిట్‌నే అడిగారు. చీటీలు వేద్దామన్నారు. నేను మాత్రం ఎవరికి ఏది భయమో దాన్నే తీసుకోవాలని పట్టుబట్టాను, ఎందుకంటే ప్రశ్నలు తయారుచేసేవాడికి ఆ యూనిట్ తప్పకుండా వస్తుంది. చివరికి ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం ఉన్న రెండో యూనిట్ నాకు వచ్చింది. మొదటిది నెల్లిమర్ల అమ్మాయికి, ఒప్పంద సామర్థ్యం ఉన్న మూడోది గజపతినగరం అబ్బాయికి, వస్తు విక్రయ చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం ఉన్న నాలుగోది చీపురుపల్లి అమ్మాయికి, సైబర్ చట్టం అయ్యకోనేరు అబ్బాయికి పడ్డాయి.

చోటు గురించి ఎవరం ఆలోచించలేదు. గ్రంథాలయంలో కూర్చుందామని వెళితే, చదువుకునే గదిలో మాట్లాడకూడదని బోర్డు ఉంది. ఒకరినొకరు ప్రశ్నలు అడగడమే మా పని కాబట్టి అది కుదరలేదు. అయ్యకోనేరు అబ్బాయి వాళ్ళమ్మగారు తమ ఇంటి వరండా ఇచ్చారు. ఖర్చు విషయంలో అనుకోనిది మరొకటి జరిగింది. ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సులు ఉచితం కావడంతో ఇద్దరు అమ్మాయిలకు ప్రయాణానికి ఒక్క రూపాయి కాలేదు, గజపతినగరం అబ్బాయికి మాత్రం ప్రతి ఆదివారం టికెట్టు పడేది. రెండో వారానికి అతను రావడానికి వెనకాడుతుంటే, అడిగితే తప్ప కారణం చెప్పలేదు. ఆ తరువాత జిరాక్సులకు, కాగితాలకు వేసుకున్న తలా వంద రూపాయల్లోంచే అతని టికెట్టు డబ్బులు కూడా ఇచ్చాం. ఈ మాట మొదటి రోజే తేల్చుకోవలసింది.

సెప్టెంబరు 21, ఆదివారం మేము మొదటిసారి కలిసి కూర్చున్నాం. నెల్లిమర్ల అమ్మాయి మొదటి యూనిట్ మీద ఇరవై అయిదు ప్రశ్నలు రాసుకొచ్చింది. ఉదయం పది గంటలకు మొదలుపెట్టాం. ఒంటిగంట కావడానికి ఇరవై నిమిషాలు ఉందనగా ఆపేసేసరికి పదిహేడు ప్రశ్నలే అయ్యాయి. అందరం అలసిపోయాం, అయినా బాగా జరిగిందనే అనుకున్నాం. ఇంటికి వచ్చి నా నోటుపుస్తకం తెరిచి చూసుకుంటే అందులో ఒక్క జవాబు కూడా లేదు. ఆలోచిస్తే అర్థమయింది. ప్రశ్న అడగగానే చీపురుపల్లి అమ్మాయి టక్కున చెప్పేసేది, మిగతా ముగ్గురం "అవును, అదే" అని తలలు ఊపాం. ఆమె జవాబు విన్న క్షణంలో అది నాకూ తెలుసనిపించింది. ఆమె లేకపోతే చెప్పగలిగేదాన్నా అని నన్ను నేను అడిగితే, పదిహేడింటిలో అయిదారు కూడా నిజంగా నావి కావు.

అందుకే రెండో వారం నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రశ్న చదివాక రెండు నిమిషాలు ఎవరూ నోరు విప్పకూడదు. ప్రతి ఒక్కరూ జవాబును నోటుపుస్తకంలో రాయాలి, తెలియకపోతే గీత గీయాలి. అందరూ కలాలు కింద పెట్టాకే ఒకరు చదవాలి, అదీ ప్రతి ప్రశ్నకూ వేరొకరు. ప్రశ్నలు ఇరవై అయిదు నుంచి పన్నెండుకు తగ్గించాం. రాయడం, చదవడం, వాదించుకోవడం అన్నీ కలిపి ఒక ప్రశ్నకు పది నిమిషాలు పడుతోంది కాబట్టి, రెండు గంటల్లో పన్నెండుకు మించి కుదరదు. రాతలో మరో సంగతి కూడా బయటపడింది. మా పరీక్ష ఇంగ్లీషులో రాయాలి, మేము మాట్లాడుకునేది తెలుగులో. నోటితో చక్కగా చెప్పిన గజపతినగరం అబ్బాయి అదే జవాబును ఇంగ్లీషులో రాయమంటే నాలుగు ముక్కల దగ్గర ఆగిపోయాడు. అప్పటినుంచి పన్నెండింటిలో నాలుగింటి జవాబులు ఇంగ్లీషులోనే రాయాలని పెట్టుకున్నాం.

సెప్టెంబరు 28న నా వంతు. ఆ వారమంతా ప్రశ్నలు రాస్తుంటే ఒకటి గమనించాను. ప్రతిపాదన అంటే ఏమిటి, అంగీకారానికి నియమాలేమిటి అని రాయడం పది నిమిషాల పని. పుస్తకంలో శీర్షిక చూసి చివర ప్రశ్నార్థకం పెడితే చాలు. అలాంటి ప్రశ్నకు జవాబు కూడా పుస్తకంలో ఒక్క వాక్యంగా దొరుకుతుంది, బట్టీపట్టినవాళ్ళు అప్పజెప్పేస్తారు. కష్టమంతా సందర్భం కల్పించి అడగడంలో ఉంది. ఒక్క ప్రశ్నకు నాకు ముప్పావు గంట పట్టింది. దాన్ని పూర్తిగా చెబుతాను, ఎందుకంటే మా పద్ధతి మొత్తం ఆ ఒక్క ప్రశ్నతోనే మారింది.

పలాసలోని జీడిపప్పు వ్యాపారి, యాభై కిలోల పప్పు ఫలానా ధరకు ఇస్తానని విజయనగరం దుకాణదారుకు 3వ తేదీన ఉత్తరం రాశాడు. అది 5న అందింది. ధర పెరుగుతోందని వ్యాపారి మనసు మార్చుకుని, ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నానని 6న ఇంకో ఉత్తరం పోస్టు చేశాడు. ఆ సంగతి తెలియని దుకాణదారు 7న ఉదయం, సరే తీసుకుంటానని ఉత్తరం పోస్టు చేశాడు. వ్యాపారి రెండో ఉత్తరం దుకాణదారుకు 8న అందింది. దుకాణదారు అంగీకారం వ్యాపారికి 9న అందింది. ఇప్పుడు ఒప్పందం ఏర్పడిందా, లేదా?

రెండు నిమిషాలయ్యాక నలుగురూ చదివారు. నలుగురూ లేదనే రాశారు. కారణం కూడా ఒక్కటే: దుకాణదారు 7న ఒప్పుకోకముందే వ్యాపారి 6న వెనక్కి తీసుకున్నాడు కదా అని. అంగీకారం ఎప్పుడు పూర్తవుతుందో నిర్వచనం అడిగితే ఆ నలుగురిలో ముగ్గురు అంతకుముందే తప్పులేకుండా చెప్పారు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని నాలుగో సెక్షను ప్రకారం, అంగీకార ఉత్తరాన్ని తిరిగి తీసుకోలేని విధంగా పోస్టు చేసిన క్షణంలోనే అది ప్రతిపాదించినవాడిని కట్టిపడేస్తుంది. ప్రతిపాదనను వెనక్కి తీసుకునే ఉత్తరమైతే, అవతలివాడికి తెలిసినప్పుడే అతనిమీద పనిచేస్తుంది. అంటే వ్యాపారి 6న పోస్టు చేసిన ఉత్తరానికి 8వ తేదీ దాకా బలం లేదు. ఈలోగా 7న అంగీకారం పోస్టులో పడింది. కాబట్టి ఒప్పందం ఏర్పడింది, వ్యాపారి పప్పు ఇవ్వవలసిందే.

ఎంత చెప్పినా గజపతినగరం అబ్బాయికి ఎక్కలేదు. అప్పుడు నేను కాగితంమీద అడ్డంగా ఒక గీత గీసి, 3 నుంచి 9 దాకా తేదీలు వేసి, పైన వ్యాపారి ఉత్తరాలకు, కింద దుకాణదారు ఉత్తరానికి బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటుకు బాణం గుర్తులు గీశాను. 6 నుంచి 8కి పోయే బాణం కిందుగా 7 దగ్గర చుక్క పెట్టగానే అతను "ఓహో, ఉత్తరం దార్లో ఉన్నప్పుడు అది లేనట్టేనా" అన్నాడు. వెంటనే ఎదురుప్రశ్న వేశాడు: "అయితే దుకాణదారు 8న మనసు మార్చుకుంటే?" నేను దానికి జవాబు రాసుకోలేదు. అందరం చట్టం పాఠం తెరిచాం. అంగీకారం దుకాణదారును కట్టిపడేసేది అది వ్యాపారికి తెలిసినప్పుడు, అంటే 9న. ఆలోపు ఫోను చేసి వద్దని చెబితే తప్పుకోవచ్చు. ఒకే ఉత్తరం ఇద్దరిని రెండు వేరువేరు తేదీల్లో బంధిస్తుందన్న సంగతి రెండుసార్లు నోట్సు రాసుకున్న నాకు ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రమే పన్నెండు ప్రశ్నల్లో కనీసం ఆరు ఇలా సందర్భంతో ఉండాలని నిర్ణయించుకున్నాం. మూడో యూనిట్‌కు గజపతినగరం అబ్బాయి అప్పటికే ప్రశ్నలు సిద్ధం చేసుకున్నాడు. వాటిలో ఒకటి "మొహిరీ బీబీ కేసు ఏ సంవత్సరంలో తీర్పు అయింది?" అని. 1903 అని రాస్తే అయిపోతుంది, ఏమీ తెలియనక్కర లేదు. అతను దాన్ని ఇలా మార్చాడు: పదహారేళ్ళ కుర్రవాడు తన వయసు పందొమ్మిది అని చెప్పి అప్పుమీద సెల్‌ఫోను కొన్నాడు. పద్దెనిమిది నిండిన తరువాత ఆ పాత బాకీ తీరుస్తానని కాగితం రాసిచ్చాడు. తరువాత ఇవ్వలేదు. దుకాణదారు ఆ కాగితం ఆధారంగా డబ్బు రాబట్టగలడా? అందరం రాబట్టగలడనే రాశాం, ఎందుకంటే కాగితం రాసేనాటికి అతను మేజరు. కానీ మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లనిదని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ చెప్పినది ఆ కేసులోనే. మొదటినుంచీ లేనిదాన్ని తరువాత ధ్రువీకరించడం కుదరదు. సంవత్సరం అడిగే ప్రశ్నతో ఈ సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

అక్టోబరు 5 ఆదివారం మేము కలవలేదు. 6న తొలేళ్ళు, 7న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పట్నంలో అందరి ఇళ్ళలో చుట్టాలు దిగారు, వరండాలో చాపలు పరచడానికి కూడా చోటు లేదు. విజయనగరంలో ఇది ప్రతి ఏడూ తెలిసిన సంగతే అయినా మా పట్టికలో ఎవరం రాసుకోలేదు. మూడో యూనిట్ 12న, నాలుగోది దీపావళికి ముందురోజు 19న అయ్యాయి. 26న కావలసిన అయిదో యూనిట్, మొంథా తుపాను హెచ్చరికలతో పైఊళ్ళవాళ్ళను ఇంట్లోంచి కదలనివ్వకపోవడంతో నవంబరు 2కు పోయింది. మధ్యలో ఒకసారి ఫోనులో అందరం కలిసి ప్రయత్నించాం. రెండు నిమిషాల నిశ్శబ్దంలో ఎవరు రాస్తున్నారో, ఎవరు పుస్తకం తిప్పుతున్నారో తెలియలేదు, అరగంటలో ఆపేశాం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి నవంబరు 7, శుక్రవారం జరిగింది. పరీక్షకు పది రోజులుంది. చీపురుపల్లి అమ్మాయి అక్టోబరు 19న అడిగిన ప్రశ్నల్లో, జిల్లా వినియోగదారుల కమిషను ఎంత విలువ వరకు ఫిర్యాదు తీసుకోగలదన్నది ఒకటి. ఆమె జవాబుల కాగితంలో కోటి రూపాయలు అని ఉంది. అందరం అదే రాసుకుని, అదే గుర్తుపెట్టుకున్నాం. శుక్రవారం క్లాసు అయ్యాక మేడంగారి దగ్గర ఏదో సందేహం అడుగుతూ నేను ఆ మాట అంటే, ఆవిడ ఆగి, "2021 డిసెంబరు రూల్సు చూడలేదా అమ్మా?" అన్నారు. 2019 చట్టంలో కోటి అనే ఉంది, కానీ కేంద్ర ప్రభుత్వం వేరే మొత్తాన్ని నిర్ణయించవచ్చని కూడా ఆ సెక్షనులోనే ఉంది. ఆ అధికారంతో 2021 డిసెంబరులో తెచ్చిన నియమాల్లో జిల్లా కమిషనుకు యాభై లక్షల వరకు, రాష్ట్ర కమిషనుకు యాభై లక్షల పైనుంచి రెండు కోట్ల వరకు, ఆపైన జాతీయ కమిషనుకు అని మార్చారు. పాత గైడు ఒకటి తెరిచి చూస్తే అందులో 1986 చట్టం నాటి ఇరవై లక్షలే ఉంది. ఒకే ప్రశ్నకు మూడు అంకెలు. చీపురుపల్లి అమ్మాయి తప్పు లేదు, ఆమె చట్టం మూలపాఠమే చూసింది. పైగా ఆ మొత్తం, కోరే నష్టపరిహారాన్ని బట్టి కాక, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి లెక్క అని కూడా ఆ రోజే తెలిసింది.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీ అందరికీ నేనే తప్పు నేర్పేశాను" అంది. తప్పు ఆమెది కాదని మేము ఎంత చెప్పినా, ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం అదేనని అప్పుడు తెలిసింది. ఒంటరిగా చదివితే ఒకరి పొరపాటు ఒకరి దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఒకరు రాసిన జవాబును నలుగురు రాతతో సహా నేర్చుకుంటారు. నవంబరు 9న సరిచేసుకున్నాక కూడా, మళ్ళీ అడిగితే ఇద్దరు అలవాటుగా కోటి అనే రాశారు, వాళ్ళలో నేనొకదాన్ని. అప్పుడు ప్రతి జవాబు పక్కన సెక్షను నంబరు, పుస్తకం పేజీ రాయాలని, మేము కలిసే రోజుకు రెండు రోజుల ముందే ఇంకొకరు ఆ జవాబులను పుస్తకంతో సరిచూడాలని పెట్టుకున్నాం. జవాబుల ఫొటో పంపితే చాలు, సరిచూడడానికి ముప్పావు గంట పడుతుంది. ఈ పని మొదటి వారం నుంచే చేసి ఉండవలసింది.

నవంబరు 9న అయిదు యూనిట్ల ప్రశ్నలన్నీ కత్తిరించి, ఒక స్టీలు డబ్బాలో వేసి కలిపాం. ఎవరి చీటీ ఎవరికి వస్తే వాళ్ళు అడగాలి. ఆ రోజు తేలిన లెక్క ఇప్పటికీ నా నోటుపుస్తకంలో ఉంది. తాను తయారుచేసిన యూనిట్ ప్రశ్నలకు ప్రతి ఒక్కరూ దాదాపు అన్నీ సరిగ్గా రాశారు. మిగతా యూనిట్లలో సగం కూడా రాలేదు. ఏడు వారాల కిందట అడిగిన మొదటి యూనిట్ అయితే, నెల్లిమర్ల అమ్మాయికి తప్ప అందరికీ దాదాపుగా పోయింది. యూనిట్‌కు ఒక ఆదివారం చొప్పున వరసగా ముగించుకుంటూ పోతే జరిగేది ఇదే. రెండో ఆదివారం నుంచే, ఆ రోజు యూనిట్ ప్రశ్నలు ఎనిమిది, పాత యూనిట్లవి నాలుగు కలిపి అడిగి ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు. మిగిలిన వారంలో 12న, 15న ఇంకో రెండుసార్లు డబ్బా తిప్పాం. సరిగ్గా వచ్చిన చీటీలు పక్కన పెట్టి, తప్పినవి మళ్ళీ డబ్బాలోనే వేశాం. 15న చివర్లో డబ్బాలో పదకొండు చీటీలు మిగిలాయి, వాటిలో ఏడు సైబర్ చట్టానివే.

నవంబరు 17, సోమవారం పరీక్ష. రెండో యూనిట్‌లో అంగీకారం, ఉపసంహరణ మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది. బయటికి వచ్చాక గజపతినగరం అబ్బాయి, జవాబు పత్రంలో పెన్సిలుతో తేదీల గీత గీసి మరీ రాశానని చెప్పాడు. నాలుగో యూనిట్‌లో కమిషన్ల గురించి అడిగారు, అయిదుగురం యాభై లక్షలే రాశాం. అయిదో యూనిట్ దగ్గర మాత్రం నేను రెండు పేజీలు నింపాను గానీ, రాసిన దాంట్లో సగం మొదటి పేరాలోనిదే తిప్పి తిప్పి రాశానని నాకు తెలుసు.

మొత్తం మీద తలా వంద రూపాయల్లో పద్దెనిమిది రూపాయలు మిగిలాయి. వాటిని అలాగే ఉంచాం. వచ్చే సెమిస్టరుకు కాస్ట్ అకౌంటింగ్ తీసుకుంటున్నాం. ఈసారి ప్రశ్నలు రాసేవారి పేరు పక్కనే జవాబులు సరిచూసేవారి పేరు కూడా పట్టికలో రాసుకున్నాం. అయ్యకోనేరు అబ్బాయి వాళ్ళమ్మగారు డబ్బా తిరిగి అడగలేదు, మిగిలిన పదకొండు చీటీలు ఇంకా అందులోనే ఉన్నాయి.